వాంతులవుతున్నాయని ఇన్సులిన్ ఆపేయొచ్చా? కీటోన్ల గురించి అపోహలు - వాస్తవాలు

అపోహ: కీటోన్లు కనిపించాయంటే ఒంట్లో విషం చేరినట్టే.

కాదు. రాత్రి భోంచేసి పడుకుని పొద్దున లేచేసరికి అందరి రక్తంలోనూ కాసిన్ని కీటోన్లు ఉంటాయి. తిండి అందనప్పుడు ఒంట్లోని కొవ్వు కరిగి, కొవ్వు ఆమ్లాలుగా రక్తంలోకి వస్తుంది. కండరాలు, గుండె వాటిని నేరుగా వాడుకుంటాయి. మెదడులోకి మాత్రం అవి చాలినంత వేగంగా వెళ్లలేవు. అందుకని కాలేయం వాటిని చిన్న ముక్కలు చేసి, ఆ ముక్కల్ని మళ్లీ కలిపి అసిటోఅసిటేట్, బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్ తయారుచేస్తుంది. ఇవే ముఖ్యమైన కీటోన్లు. కొంత అసిటోన్‌గా మారి ఊపిరిలో పోతుంది. వీటిని వాడుకునే ఎంజైమ్ కాలేయానికే లేదు కాబట్టి, తయారైనదంతా మిగతా అవయవాలకే వెళ్తుంది.

మొదటి రోజుల్లో వీటిని కండరాలు బాగా వాడుకుంటాయి. ఉపవాసం వారాలకు సాగితే అవి మళ్లీ కొవ్వు ఆమ్లాల మీద ఆధారపడతాయి, కీటోన్లు మెదడుకు మిగులుతాయి. 5-6 వారాలు ఉపవాసం ఉన్న స్థూలకాయుల్లో జార్జ్ కాహిల్ బృందం కొలిచి 1967లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మెదడుకు కావలసిన శక్తిలో సగానికి పైగా కీటోన్ల నుంచే వస్తోంది. ఈ ఏర్పాటే లేకపోతే మెదడుకు గ్లూకోజ్ అందించడానికి శరీరం తన కండనే కరిగించుకోవాల్సి వచ్చేది.

అపోహ: ఉపవాసం చేసినా, కీటో డైట్ చేసినా, కీటోన్లు మితిమీరి రక్తం ఆమ్లమయమయ్యే కీటోయాసిడోసిస్ వస్తుంది.

ఆరోగ్యవంతుల్లో సాధారణంగా రాదు. వాళ్ల పాంక్రియాస్ ఉపవాసంలోనూ కొద్దిగా ఇన్సులిన్ వదులుతూనే ఉంటుంది. కొవ్వు మరీ ఎక్కువగా కరగకుండా ఆపడానికి ఆ కొద్దిపాటి ఇన్సులిన్ చాలు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు మాత్రం ఇలాంటి ప్రయోగాలకు దూరంగా ఉండాలి. వాళ్లకు ఆ ప్రమాదం నిజంగానే ఉంది.

అపోహ: ఏమీ తినట్లేదు కాబట్టి ఇన్సులిన్ వద్దు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టే మాట ఇదే. టైప్ 1 షుగర్ ఉన్న 16 ఏళ్ల అబ్బాయికి జ్వరం, వాంతులు వచ్చాయనుకోండి. లో షుగర్ అవుతుందనే టెన్షన్‌తో ఇంట్లోవాళ్లు రెండు రోజులు ఇన్సులిన్ ఆపేశారు. ఇప్పుడు కొవ్వు కరగడాన్ని ఆపేది ఒంట్లో ఏదీ లేదు. కాలేయం గ్లూకోజ్‌నూ కీటోన్లనూ రెండింటినీ తయారుచేస్తూ పోతుంది. గ్లూకోజ్ మూత్రంలో పోతూ నీటిని, సోడియంను, పొటాషియంను వెంట తీసుకుపోతుంది. కీటోన్లు ఆమ్లాలు. వాటిని తట్టుకునే బైకార్బొనేట్ తరిగిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి అబ్బాయి లోతుగా, వేగంగా ఊపిరి తీస్తాడు. ఇంట్లోవాళ్లకు అది ఆయాసంలా, కడుపునొప్పి గ్యాస్ నొప్పిలా అనిపిస్తుంది.

ఆసుపత్రికి వచ్చేసరికి షుగర్ 420, రక్తంలో కీటోన్లు 9 (3 దాటితే ప్రమాదం), రక్తం pH 7.08 (ఉండాల్సింది 7.35 నుంచి 7.45), పొటాషియం 5.6. ఇక్కడ మోసం చేసేది పొటాషియమే. రక్తంలో ఎక్కువగా కనిపిస్తున్నా ఒంట్లో మొత్తం నిల్వ తగ్గిపోయి ఉంటుంది. ఇన్సులిన్ మొదలుపెట్టగానే అది కణాల్లోకి వెళ్లిపోయి రక్తంలో పడిపోతుంది, గుండె లయ తప్పవచ్చు. అందుకే ముందు సెలైన్ పెట్టి, పొటాషియంను గంటగంటకూ చూసుకుంటాం. అది 3.5 కన్నా తక్కువ ఉంటే ముందు పొటాషియం ఎక్కించి, ఆ తర్వాతే ఇన్సులిన్ ఇస్తాం. షుగర్ 250కి దిగినా ఇన్సులిన్ ఆపం, గ్లూకోజ్ సెలైన్ జతచేస్తాం. కీటోన్లు ఆగడానికి ఆ ఇన్సులిన్ కావాలి. పిల్లల్లో మెదడు వాచే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఇదంతా తొందరపడి చేసే పని కాదు.

కాబట్టి జ్వరం వచ్చినా, ముద్ద దిగకపోయినా రోజూ వేసే లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ మానకండి. మోతాదు ఎంతో డాక్టర్‌ను అడగండి. 3-4 గంటలకోసారి షుగర్, కీటోన్లు చూడండి. వాంతులు ఆగకపోయినా, ఊపిరి లోతుగా మారినా, మత్తుగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అపోహ: షుగర్ 200 లోపు ఉంటే కీటోయాసిడోసిస్ కాదు.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడేవాళ్లలో ఈ నమ్మకం ప్రమాదకరం. అవి గ్లూకోజ్‌ను మూత్రంలోకి పంపేస్తాయి కాబట్టి, లోపల కీటోన్లు పెరిగిపోతున్నా గ్లూకోమీటర్ 160 చూపించవచ్చు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ మాత్ర ఆపి డాక్టర్‌కు చెప్పండి. ఆపరేషన్ ఉంటే సాధారణంగా 3 రోజుల ముందే ఆపిస్తాం.

ఇలాంటప్పుడు మూత్రం స్ట్రిప్ ఒక్కదాన్నే నమ్మకూడదు. అది పసిగట్టేది అసిటోఅసిటేట్‌ను. కీటోయాసిడోసిస్‌లో ఎక్కువగా ఉండేది బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్. చికిత్సకు ఒళ్లు తేరుకుంటున్నప్పుడు అది తిరిగి అసిటోఅసిటేట్‌గా మారుతుంది కాబట్టి, మనిషి మెరుగవుతుంటే స్ట్రిప్ మాత్రం ముదురు రంగు చూపించవచ్చు. వేలి రక్తంతో చేసే కీటోన్ పరీక్షకు ఈ ఇబ్బంది లేదు.