వచ్చిన రోజు నుంచే సర్వీసా? టీచర్ల పింఛన్ పేచీకి 2004లోనే బీజం

ఆంధ్రప్రదేశ్ నుంచి స్పౌజ్ కోటాలోనో, పరస్పర బదిలీలోనో వరంగల్, హనుమకొండ జిల్లాలకు వచ్చిన టీచర్లకు రిటైర్మెంట్ దగ్గర పడుతున్నకొద్దీ ఒకటే భయం. అక్కడ పనిచేసిన ఏళ్లు ఇక్కడి పింఛన్‌లో కలుస్తాయా, లేక తెలంగాణలో చేరిన రోజు నుంచే సర్వీసు లెక్క మొదలవుతుందా అని. బదిలీల మాట వచ్చిన ప్రతిసారీ ఈ ప్రశ్న లేస్తుంది, జవాబు రాకుండానే సద్దుమణుగుతుంది.

స్థానికులకు ఉద్యోగాల్లో ప్రాధాన్యమిచ్చే 371-డి అధికరణ, జోన్లు, 2016లో పాత వరంగల్ జిల్లా ముక్కలు కావడం, ఉద్యోగులను కొత్త జిల్లాలకు కేటాయించిన 2021 డిసెంబర్ నాటి జీవో 317, ఇవన్నీ పాఠకులకు తెలిసినవే. ఒక్కటి మాత్రం ఇక్కడ చెప్పాలి. 317 కింద హనుమకొండ నుంచి ములుగుకో, భూపాలపల్లికో వెళ్లిన టీచర్ పింఛన్‌కు వచ్చిన ముప్పేమీ లేదు. రాష్ట్రం అదే, పింఛన్ నిబంధనలూ అవే. అక్కడి గొడవ స్థానికత మీద, సీనియారిటీ మీద. కానీ ఆ గొడవలో స్టాఫ్ రూముల్లో ‘సీనియారిటీ పోయింది’, ‘సర్వీసు పోయింది’ అనే రెండు మాటలూ ఒకటే అయిపోయాయి. ఇప్పటి తకరారులో సగం ఆ కలగాపులగం నుంచి పుట్టిందే.

సొంత కోరిక మీద ఒక యూనిట్ నుంచి మరో యూనిట్‌కు వెళితే సీనియారిటీ ఎలా లెక్కగట్టాలో 1996 నాటి స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్‌లో 35(బి) చెబుతుంది. కొత్త యూనిట్‌లో మొదట నియమితులైన తేదీయే ప్రమాణం. అంటే పదిహేనేళ్లు పనిచేసిన టీచర్ కూడా కొత్త జిల్లా జాబితాలో చివరి పేరు అవుతారు. ప్రమోషన్ ఆలస్యమవుతుంది. కానీ ఈ నిబంధన సీనియారిటీ గురించి మాత్రమే మాట్లాడుతుంది. ఇంక్రిమెంట్లు ఆగవు, జీతం తగ్గదు. పింఛన్‌కు లెక్కయ్యే సర్వీసు వేరే పుస్తకంలో, 1980 నాటి రివైజ్డ్ పెన్షన్ రూల్స్‌లో ఉంది. చాలాకాలం ఈ రెండు నిబంధనలూ ఒకదాని దారికి ఒకటి రాలేదు. ఉమ్మడి రాష్ట్రంలో ఏ జిల్లాలో చేసినా పింఛన్ ఒకటే కాబట్టి, నియామక తేదీ అనే మాటతో పింఛన్‌కు ఇబ్బంది రాలేదు.

ఆ పరిస్థితిని మార్చింది రాష్ట్ర విభజన కాదు. 2004 సెప్టెంబర్ 22న వచ్చిన జీవో 653. సెప్టెంబర్ 1, ఆ తర్వాత నియమితులయ్యే వారికి పాత పింఛన్ ఉండదని, కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్, అంటే సీపీఎస్ వర్తిస్తుందని అది చెప్పింది. ఉత్తర్వు కన్నా దాని అమలు తేదీయే మూడు వారాలు ముందుందన్నమాట. అప్పటిదాకా నియామక తేదీ మీద ఆధారపడింది పింఛన్ ఎంత వస్తుందనేదే. ఆ రోజు నుంచి అసలు పింఛన్ ఉందా లేదా అనేది కూడా దాని మీదే ఆధారపడింది. 2003లో డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చి, ఉద్యోగం చేతికందేసరికి 2005 వచ్చిన టీచర్ల బాధ ఇక్కడిదే. తమ పోస్టులను 2003 డిసెంబర్ 22కు ముందే నోటిఫై చేసినా తర్వాత చేరిన వారికి పాత పింఛన్ ఎంచుకునే అవకాశం కేంద్రం 2023 మార్చి 3న తన ఉద్యోగులకు ఇచ్చింది. రాష్ట్రంలో అదే న్యాయం కోసం ఆ బ్యాచ్ ఇంకా అడుగుతూనే ఉంది.

రాష్ట్రాలు దాటి వచ్చిన వారికి ఈ తేదీ మరో రకంగా గుచ్చుకుంటుంది. 35(బి) ప్రకారం సీనియారిటీ కోసం రాసిన ‘కొత్త యూనిట్‌లో నియామక తేదీ’ని ఎవరైనా సర్వీసు రిజిస్టర్ మొదటి పేజీలోనో, జీతాల బిల్లులోనో మొదటి నియామక తేదీగా ఎక్కిస్తే, కాగితం మీద ఆ టీచర్ 2004 తర్వాత ఉద్యోగంలో చేరినట్టు కనిపిస్తారు. ఒక్క గడి తప్పుగా నిండితే మనిషి పాత పింఛన్ నుంచి సీపీఎస్‌లోకి జారిపోతారు. పాత పింఛన్ వారి జీతంలో ఉండే జీపీఎఫ్ కోత ఆగి సీపీఎస్ కోత మొదలైందంటే అలా జరిగిందనడానికి అదే మొదటి గుర్తు. జీతం స్లిప్పులో ఆ ఒక్క వరుస చూస్తే తెలిసిపోతుంది.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. ఒక టీచర్ 2000 డిసెంబర్ 1న గుంటూరు జిల్లాలో చేరారు. 2016 జూలై 1న స్పౌజ్ బదిలీపై హనుమకొండకు వచ్చారు. తెలంగాణలో రిటైర్మెంట్ వయసు 61 కాబట్టి 2028 జూన్ 30న దిగిపోతారు. (ఆంధ్రలోనే ఉండి ఉంటే 62 దాకా చేసేవారు. బదిలీతో నిజంగా తగ్గిన సర్వీసు అంటూ ఉంటే అది ఈ ఒక్క ఏడాదే.) మొత్తం సర్వీసు 27 ఏళ్ల 7 నెలలు. పింఛన్ లెక్కలో అర్ధ సంవత్సరాలు చూస్తారు. పూర్తి పింఛన్‌కు 33 ఏళ్లు, అంటే 66 అర్ధ సంవత్సరాలు. ఈ టీచర్‌కు 55 వస్తాయి, మిగిలిన ఒక నెల లెక్కలోకి రాదు. చివరి బేసిక్ 80,000 అనుకుని, సర్వీసుకు అదనంగా కలిపే వెయిటేజీని పక్కన పెడితే, సగం 40,000. దాన్ని 66తో భాగించి 55తో గుణిస్తే నెలకు సుమారు 33,333 రూపాయలు.

ఇప్పుడు హనుమకొండలో చేసిన 12 ఏళ్లే లెక్కించారనుకోండి. అవి 24 అర్ధ సంవత్సరాలు. పింఛన్ 14,545 రూపాయలకు పడిపోతుంది. డీఏ, ఫ్యామిలీ పెన్షన్ సంగతి అటుంచితే, నెలకు తేడా 18,788 రూపాయలు. అదే సీపీఎస్‌లోకి తోసేస్తే ఈ సూత్రమే ఉండదు. ఖాతాలో ఎంత కూడితే అంతే.

ఆర్థిక శాఖ వైపు వాదన తేలిగ్గానే అర్థమవుతుంది. పక్క రాష్ట్రంలో పాఠాలు చెప్పిన ఏళ్లకు మన ఖజానా ఎందుకు కట్టాలి అని. పైగా ఇది ప్రభుత్వం చేసిన కేటాయింపు కాదు, టీచర్ కోరి వచ్చిన బదిలీ అని.

ఈ ప్రశ్నకు జవాబు 2014 విభజన చట్టంలోనే ఉంది. ఆస్తులు, అప్పుల షెడ్యూళ్ల మీద జరిగినంత చర్చ ఎనిమిదో షెడ్యూల్ మీద జరగలేదు. అది పూర్తిగా పింఛన్ల గురించే. విభజన నాటికి ఉద్యోగంలో ఉండి తర్వాత రిటైరయ్యే వారికి పింఛన్ మంజూరు చేసేది ఏ రాష్ట్రమైనా, 2014 జూన్ 2కు ముందు సర్వీసు తాలూకు భాగాన్ని రెండు రాష్ట్రాలూ జనాభా నిష్పత్తిలో భరించాలి. ఆంధ్రప్రదేశ్ వాటా 58.32 శాతం, తెలంగాణది 41.68. విభజన తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ పనిచేసిన వారికైతే, పింఛన్ ఇస్తున్న రాష్ట్రానికి రెండో రాష్ట్రం తన దగ్గర చేసిన కాలం మేరకు తిరిగి చెల్లించాలి.

పై టీచర్‌కే దీన్ని వర్తింపజేద్దాం. 33,333లో విభజనకు ముందు పదమూడున్నరేళ్లకు వచ్చేది సుమారు 16,360 రూపాయలు. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 9,540 దాకా ఉంటుంది. విభజన తర్వాత గుంటూరులో చేసింది 25 నెలలే, దానికి మరో 2,500. అంటే తెలంగాణ ముందు మొత్తం చెల్లించి, నెలకు సుమారు 12,000 తిరిగి అడిగి తీసుకోవచ్చు. ‘పక్క రాష్ట్రపు పదిహేనేళ్ల బరువు’ అని చెబుతున్న దాంట్లో విభజన తర్వాతి భాగం రెండేళ్లు చిల్లరే. మిగతాది ఉమ్మడి రాష్ట్రపు సర్వీసు. ఆ భాగంలో తన వాటాను టీచర్ గుంటూరులోనే రిటైరైనా తెలంగాణ భరించాల్సిందే.

ఈ పద్ధతి ప్రభుత్వం కేటాయించిన వారికే తప్ప కోరి వచ్చిన వారికి కాదని ఆర్థిక శాఖ అనొచ్చు. అలా అన్నా అది రెండు ప్రభుత్వాల మధ్య లెక్కల తగాదా అవుతుంది, టీచర్ పింఛన్ తగ్గించడానికి కారణం కాదు. కేంద్రానికి, రాష్ట్రాలకు మధ్య మారే ఉద్యోగుల విషయంలో ఈ తగాదాను 1982లోనే తెంచేశారు. వాటాలు పంచుకునే పద్ధతి మానేసి, ఎక్కడ రిటైరైతే ఆ ప్రభుత్వమే మొత్తం భరించేలా ఒప్పుకున్నారు. దానివల్ల ఉద్యోగికి ఫైళ్ల వెంట తిరిగే పని తప్పింది.

నిబంధన అనుకూలంగా ఉన్నా కాగితం ఎదురు తిరిగే చోట్లు రెండు ఉన్నాయి. మొదటిది రిలీవింగ్ ఉత్తర్వు. అందులో బదిలీ అని ఉంటే సర్వీసు తెగదు. రాజీనామా చేసి కొత్తగా చేరినట్టు ఉంటే, పింఛన్ రూల్స్ ప్రకారం గత సర్వీసు రద్దవుతుంది. ముందస్తు అనుమతితో, మరో ప్రభుత్వ ఉద్యోగంలో చేరడానికే ఇచ్చిన రాజీనామా అయితేనే మినహాయింపు. కాబట్టి ఆ అనుమతి ఉత్తర్వు కాపీ సర్వీసు రిజిస్టర్‌లో అతికించి ఉండాలి.

రెండోది రిలీవ్ అయిన రోజుకీ, చేరిన రోజుకీ మధ్య ఖాళీ. సొంత కోరిక మీద బదిలీకి మామూలుగా జాయినింగ్ టైమ్ ఇవ్వరు. నాలుగు రోజులైనా సరే, ఆ ఖాళీని అర్హమైన సెలవుగా మంజూరు చేసి రిజిస్టర్‌లో రాయించుకోవాలి. లేకపోతే రిటైర్మెంట్ ముందు ఆడిట్ దాన్నే సర్వీసు తెగినట్టు చూపిస్తుంది. పాత జిల్లాలో ఏటా చేయాల్సిన సర్వీసు వెరిఫికేషన్ సంతకాలు కొన్నేళ్లకు లేకపోయినా ఫైలు వెనక్కి వస్తుంది. అప్పుడు అక్కడి మండల విద్యాధికారి కార్యాలయంలో పాత జీతాల బిల్లులు వెతికించాలి. అవి దొరకడం అదృష్టం మీదే.

జడ్పీ స్కూళ్ల టీచర్లకు పీఎఫ్ సంగతి అదనం. వారి ఖాతా ఉండేది అకౌంటెంట్ జనరల్ దగ్గర కాదు, జిల్లా పరిషత్ దగ్గర. నిల్వను పాత జడ్పీ నుంచి కొత్త జడ్పీకి పంపాలి. పంపిన మొత్తానికి, వార్షిక స్లిప్పులకు తేడా వస్తే నమోదు కాని నెలలు ఏవో పట్టుకోవాల్సింది టీచరే.

2004 తర్వాత చేరిన వారికి ఈ పాట్లు తక్కువ. సీపీఎస్ ఖాతా గుర్తింపు సంఖ్య అయిన ప్రాన్ నంబర్ మారదు, డబ్బు ఖాతాలోనే ఉంటుంది, జీతాల బిల్లు చేసే కొత్త అధికారి, అంటే డీడీఓ ద్వారా ISS-1 ఫారం ఇస్తే ఖాతా కొత్త కార్యాలయానికి మారుతుంది. అయితే పాత రాష్ట్రంలో జీతంలో కోసి ఖాతాలో వేయని నెలలు ఏవైనా ఉంటే, రిలీవ్ కాకముందే స్టేట్‌మెంట్‌ను జీతం స్లిప్పులతో నెల నెలా సరిచూసుకుని అడగాలి. ఒకసారి కృష్ణా దాటి వచ్చాక ఆ బాకీ రాబట్టడానికి హనుమకొండలో ఏ డీడీఓకూ అధికారం ఉండదు.