లాభం 600, చేతిలో 80: రెస్టారెంట్ క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌పై అపోహలు - వాస్తవాలు

రెస్టారెంట్ల లెక్కలు చూసే నాకు ఓనర్ల నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది: "లాభం వచ్చిందంటున్నారు, మరి డబ్బేదండీ?" ఒకాయన లాభనష్టాల పట్టికనీ బ్యాంకు స్టేట్‌మెంటునీ నా ముందు పక్కపక్కనే పెట్టి ఇదే అడిగారు. ఏడాది లాభం 600. ఏడాది మొదట్లో గల్లాపెట్టె, బ్యాంకు కలిపి 310 ఉండేది, చివరికి 80 మిగిలింది. అంకెలన్నీ వేలల్లో. ఏడాదిలో డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో, ఎటు పోయిందో చూపేదే క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్. అందులో లాభం దగ్గర మొదలుపెట్టి ఆ 80 వరకూ నడిచే దారినే ఇన్‌డైరెక్ట్ పద్ధతి అంటాం. ఆ దారిలో ఓనర్లు ఎక్కడెక్కడ తడబడతారో ఆయన లెక్కతోనే చెబుతాను.

అపోహ: తరుగుదల కలుపుతున్నామంటే అక్కడినుంచి డబ్బు వస్తున్నట్టే.

రాదు. ఫ్రిజ్‌లు, స్టవ్‌లు అరిగినందుకు 180 ఖర్చు రాసి, ఆ మేరకు లాభం తగ్గించాం. ఆ 180 ఎవరి చేతిలోనూ పెట్టలేదు కాబట్టి, తీసేసినదాన్ని తిరిగి కలుపుతాం, అంతే. 600కి 180 కలిపితే 780.

అపోహ: అమ్మకం జరిగిందంటే డబ్బు చేతికొచ్చినట్టే.

డెలివరీ యాప్‌ల నుంచి రావలసిన బాకీ ఆ ఏడాది 120 పెరిగింది. భోజనం వెళ్లిపోయింది, అమ్మకం పుస్తకంలోకెక్కింది, డబ్బు మాత్రం ఇంకా యాప్ దగ్గరే ఉంది. అందుకే 120 తీసేయాలి. స్టోర్ రూములో సరుకు నిల్వ 50 పెరిగింది. అది వాడాకే ఖర్చవుతుంది గానీ డబ్బు ముందే ఇచ్చేశాం, కాబట్టి అదీ తీసేయాలి. పార్టీ బుకింగ్‌లకు తీసుకున్న అడ్వాన్సులు 40 పెరిగాయి. ఇది తిరగేసిన లెక్క: డబ్బు వచ్చింది, అమ్మకం ఇంకా కాలేదు. కాబట్టి కలపాలి. చూడాల్సింది ఆ ఏడాది వచ్చిన మార్పునే, బాకీ మొత్తాన్ని కాదు. మొత్తాన్నే తీసేయడం కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు.

అపోహ: లోను వాయిదా మొత్తం తీసేయాలి.

ఏడాది వాయిదాలు 300. అందులో వడ్డీ 60 ఇప్పటికే ఖర్చులో పడి, లాభం తగ్గించేసింది. మళ్లీ తీస్తే రెండుసార్లు కోసినట్టు. విడిగా తీయాల్సింది అసలు 240 మాత్రమే. ఓనరు ఇంటికి వాడుకున్న 200 ఖర్చులో రాయలేదు కాబట్టి అదీ ఇక్కడే తీయాలి. ఈ రెండూ కలిపి 440, అప్పులూ ఓనరు సొమ్మూ చూపే ఫైనాన్సింగ్ భాగం కింద వెళ్లాయి.

అపోహ: చివరి అంకె బ్యాంకుతో కలిసిందంటే క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ సరైనదే.

నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. మా దగ్గర తయారైన మొదటి డ్రాఫ్ట్ చూడండి. సరఫరాదారులకు ఇవ్వాల్సిన బాకీ ఏడాదిలో 10 పెరిగిందని బ్యాలెన్స్ షీట్ చెప్పింది, సరుకు ఖర్చు రాసినా ఆ డబ్బు ఇంకా ఇవ్వలేదు కదా అని కలిపేశారు. వ్యాపారం నుంచి వచ్చిన డబ్బు 660 అయింది. కొత్త ఓవెన్ ధర 450, లోను అసలు, సొంత వాడకం కలిపి 440. ఇవి తీసేస్తే చేతిలో డబ్బు 230 తగ్గినట్టు. మొదట ఉన్న 310లోంచి 230 పోతే 80. బ్యాంకుతో చక్కగా కలిసింది!

అయినా 660 చూసి నాకు నమ్మకం కుదరలేదు. కూరగాయలు, నూనె ఇచ్చేవాళ్లకు పాత బాకీలు గట్టిగా తీర్చామని ఓనరే చెప్పారు. మరి బాకీ పెరగడమేమిటి? సరఫరాదారుల జాబితా పేరు పేరునా తిరగేశాం. నూనె వ్యాపారి పేరు కిందే ఓవెన్ డీలర్ పేరు, ఎదురుగా 100. ఓవెన్‌కి 350 కట్టి, మిగతాది అరువు పెట్టారు. అంటే సరుకు ఇచ్చేవాళ్ల బాకీ నిజానికి 90 తగ్గింది. ఓవెన్ బాకీ 100 దానిమీద పడి 10 పెరిగినట్టు చూపించింది.

సరిచేస్తే ఇలా వస్తుంది:

- వ్యాపారం నుంచి: 600 + 180 − 120 − 50 + 40 − 90 = 560
- ఓవెన్‌కి నిజంగా కట్టినది: −350
- లోను అసలు, సొంత వాడకం: −440
- మొత్తం మార్పు: −230

చివర మళ్లీ అదే 80. తప్పు పైన 100 ఎక్కువ చూపి, కింద మరో 100 ఎక్కువ తీసేసింది కాబట్టి బ్యాంకుతో సరిపోల్చితే ఎప్పటికీ దొరకదు. పట్టుకోవాలంటే కొన్న సామాన్ల ధరను, వాటికోసం బ్యాంకులోంచి వెళ్లిన మొత్తంతో పోల్చాలి. తేడా ఉంటే ఆ బాకీ ఎవరి పేరు మీద కూర్చుందో వెతకాలి. డబ్బు ఇంకా ఇవ్వని ఆ 100 ఈ ఏడాది స్టేట్‌మెంట్‌లోకి రాదు. దాన్ని కింద నోట్‌గా రాసి, కట్టిన ఏడాది చూపిస్తాం.

ఇదంతా పట్టింపు కోసం కాదు. 660 చేతిలోకి వస్తోందనుకుని ఆయన రెండో బ్రాంచికి లోను వాయిదా ఎంత భరించగలనో లెక్కేసుకుంటున్నారు. నిజానికి వస్తున్నది 560. చేతిలో ఉన్నది 80, ఓవెన్ డీలర్‌కి ఇవ్వాల్సింది 100.