డిజిలాకర్ లైసెన్సు: బండి ఆపిన చోట మొదలైన పేచీ

మొన్న చెకింగ్‌లో మా తమ్ముడి బండి ఆపారు. వాడు ధీమాగా ఫోన్ తీసి డిజిలాకర్‌లో లైసెన్సు చూపించాడు. కానిస్టేబుల్ ఒక్కసారి చూసి, "ఇది నువ్వు ఫొటో తీసి పెట్టుకున్నది బాబూ, కార్డు ఉందా?" అన్నాడు. ఇంటికొచ్చి వాడు చిందులు తొక్కాడు గానీ, ఈసారి పోలీసాయన మాటే కరెక్టు. ఎందుకు కరెక్టో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఎలక్ట్రానిక్ రికార్డుకు చట్టంలో చోటు దొరికింది 2000 నాటి ఐటీ చట్టంతో. డిజిటల్ సంతకానికీ అప్పుడే గుర్తింపు వచ్చింది. అయితే కాగితాలు దాచుకోవడానికి ప్రభుత్వమే డిజిలాకర్ అనే ఆన్‌లైన్ లాకర్ ఇవ్వడం మాత్రం 2015 జూలై 1న, డిజిటల్ ఇండియాతో పాటు మొదలైంది. తొలిరోజుల్లో చాలామందికి అది స్కాన్ కాపీలు పడేసుకునే అటకలాంటిదే. 2016 మార్చిలో తెలంగాణ రవాణా శాఖ ఎం-వాలెట్ అనే యాప్ తెచ్చి లైసెన్సు, ఆర్‌సీ ఫోన్‌లోకి దించింది. అదే ఏడాది సెప్టెంబరులో కేంద్ర రవాణా శాఖ తన డేటాను డిజిలాకర్‌కు కలిపింది. లాకర్‌లో రెండు అరలున్నాయనుకోండి. `Issued Documents` అరలోకి ఆ కాగితం ఇచ్చిన శాఖ సర్వర్ నుంచే వస్తుంది. మొదట్లో `Uploaded Documents` అని, తర్వాత `Drive` అని పిలిచిన అరలో మనం ఎక్కించినవి ఉంటాయి.

అసలు కీలకం 2017 ఫిబ్రవరిలో వచ్చిన సవరణ. డిజిటల్ లాకర్ నియమాలు అంతకు ముందు ఏడాదే వచ్చాయి, వాటిలో 9ఏ అనే నిబంధన చేర్చారు. ఇందులో రెండు ముక్కలున్నాయి. లాకర్ నుంచి పంచుకున్న డిజిటల్ సంతకం ఉన్న పత్రాన్ని అసలు కాగితంతో సమానంగా తీసుకోవచ్చన్నది మొదటిది. శాఖ జారీ చేసిన పత్రాన్ని దాని యూఆర్‌ఐ, అంటే ఆ పత్రానికుండే ప్రత్యేక చిరునామా, ద్వారా ఎదుటివారు తెరిస్తే, దాన్ని ఆ శాఖే స్వయంగా ఇచ్చినట్టు లెక్క అన్నది రెండోది. అంటే చట్టం దృష్టిలో అక్కడ లైసెన్సు చూపిస్తున్నది మన ఫోన్ కాదు, రవాణా శాఖ. మనం తీసిన ఫొటోకు ఈ లెక్క వర్తించదు. స్క్రీన్‌షాట్ సంగతీ అంతే.

కానీ మొదటి ముక్కలో 'తీసుకోవచ్చు' అని ఉంది, 'తీసుకోవాలి' అని లేదు. నా మట్టుకు పేచీ అంతా ఆ ఒక్క క్రియలోనే ఉంది. అందుకే ఏ శాఖకా శాఖ విడిగా ఉత్తర్వు ఇచ్చుకోవాల్సి వచ్చింది. 2018 జూలైలో రైల్వే శాఖ ప్రయాణికుడి గుర్తింపు కోసం డిజిలాకర్‌లోని ఆధార్, లైసెన్సు చాలని చెప్పింది. సొంతంగా అప్‌లోడ్ చేసినవి మాత్రం చెల్లవని అందులోనే స్పష్టంగా రాసింది.

ట్రాఫిక్ పోలీసులది ఇంకో ఇబ్బంది. నేరం జరిగితే లైసెన్సు స్వాధీనం చేసుకునే అధికారం మోటారు వాహనాల చట్టం వారికి ఇచ్చింది. కార్డయితే లాక్కుని దగ్గర పెట్టుకోవచ్చు, ఫోన్ తెరను ఎలా లాక్కుంటారు? డిజిలాకర్ చూపిస్తే ఒప్పుకోవడం లేదని జనం కేంద్రానికి ఫిర్యాదులు పెట్టారు. 2018 ఆగస్టు 8న రవాణా శాఖ రాష్ట్రాలకు సూచన పంపింది: డిజిలాకర్‌లోనూ రవాణా శాఖ సొంత యాప్ ఎంపరివాహన్‌లోనూ ఉన్న లైసెన్సు, ఆర్‌సీ అసలు వాటితో సమానం, స్వాధీనం చేయాలంటే ఈ-చలానా వ్యవస్థలోనే నమోదు చేయండి అని. అది సూచన మాత్రమే. అదే ఏడాది నవంబరులో కేంద్ర మోటారు వాహనాల నియమాలను సవరించి, పత్రాలను ఎలక్ట్రానిక్ రూపంలో చూపించవచ్చని రాశారు. 2020 అక్టోబరు 1 నుంచి ఇంకో అడుగు పడింది. వివరాలు ఎలక్ట్రానిక్‌గా సరిచూసుకున్నాక కాగితం అడగకూడదు, స్వాధీనం చేయాల్సిన కేసైనా సరే.

మరి మా తమ్ముడు ఫొటో ఎందుకు ఎక్కించాడు? లైసెన్సు నంబరు కొడితే డిజిలాకర్ దాన్ని తీసుకురాలేదు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, లైసెన్సులో ఒక్క పొడి అక్షరం. ఆ రెండు పేర్లూ కంప్యూటర్‌కు ఇద్దరు మనుషులు. విసుగొచ్చి కార్డును ఫొటో తీసి పెట్టేశాడు, తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి కదా అనుకున్నాడు. తేడా పట్టుకోవడం తేలిక: పత్రం ఏ అరలో ఉందో చూడాలి. జారీ అయిన దానికి ఇచ్చిన శాఖ పేరు ఉంటుంది. వాడి దానికి ఆ పేరు లేదు.

ఇప్పుడు లైసెన్సులో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాడు. అది తేలేదాకా కార్డు బండి డిక్కీలోనే ఉంటుంది.