వృత్తాన్ని గీతగా విప్పితే

బెంగళూరు మారతహళ్లిలో ఉండే మా మేనల్లుడు ఒలింపియాడ్‌కి చదువుతున్నాడు. "మామయ్యా, ఈ చిన్న వృత్తం వ్యాసార్థం ఎంత?" అని బొమ్మ పంపాడు. ఒక గీత మీద వరసగా A, C, B. AB 6 సెంటీమీటర్లు, C సరిగ్గా మధ్యలో. AB, AC, CB వ్యాసాలుగా మూడు వృత్తాలు. గీతకు పైన, ఈ మూడింటినీ తాకుతూ ఇంకో వృత్తం పట్టాలి.

దూరాల సూత్రంతో సమీకరణాలు రాసినా జవాబు వస్తుంది, కానీ వర్గమూలాలతో టెన్షన్. ఇన్వర్షన్ దారి వేరు. A కేంద్రంగా 6 సెం.మీ. వ్యాసార్థంతో ఒక వృత్తం అనుకోండి. A నుంచి d దూరంలో ఉన్న ప్రతి బిందువునూ అదే దిశలో 36/d దూరానికి జరపాలి. దగ్గరివి దూరం పోతాయి, దూరానివి దగ్గరికొస్తాయి. B ఉన్నచోటే ఉంటుంది, C మాత్రం 12కి పోతుంది.

AB వృత్తం మీద P అనే బిందువు తీసుకుంటే APB లంబకోణం. P జరిగిన చోటు P' అయితే AP·AP' = AB·AB = 36. అంటే APB, ABP' త్రిభుజాలు సరూపాలు, కాబట్టి B దగ్గర కూడా లంబకోణమే. అందుకే P' ఎప్పుడూ B దగ్గర నిలబెట్టిన లంబం మీదే ఉంటుంది. ఆ వృత్తం మొత్తం ఒక నిలువు గీత అయిపోయింది! AC వృత్తం కూడా అంతే, 12 దగ్గర ఇంకో గీత. A గుండా పోని CB వృత్తం మాత్రం వృత్తంగానే ఉండి, 6 నుంచి 12 దాకా రెండు గీతల మధ్య ఇమిడి కూర్చుంటుంది.

A దగ్గర తప్ప, తాకుతున్నవి ఇన్వర్షన్ తర్వాతా తాకుతూనే ఉంటాయి. కాబట్టి మనకు కావలసింది ఆ రెండు గీతల మధ్యే, టిఫిన్ క్యారియర్ గిన్నెలా ఆ వృత్తం మీద కూర్చునే, అంతే పెద్ద వృత్తం. వ్యాసార్థం 3, కేంద్రం (9, 6).

ఇక వెనక్కి రావాలి. చాలామంది కేంద్రాన్నే ఇన్వర్షన్ చేసేసి దెబ్బతింటారు. వృత్తం వృత్తంగా మారుతుంది కానీ కేంద్రం కేంద్రంగా మారదు. సరైన పద్ధతి, A నుంచి కేంద్రం దూరపు వర్గంలోంచి వ్యాసార్థపు వర్గం తీసేసి, దానితో 36ని భాగించి, వృత్తాన్నంతా A నుంచి 36/(81+36−9), అంటే 1/3 వంతుకు కుదించడం. వ్యాసార్థం 1, కేంద్రం (3, 2). పెద్ద వృత్తం కేంద్రం (3, 0) నుంచి దూరం 2, అంటే 3−1. లెక్క సరిపోయింది.

ఎత్తు 2, వ్యాసమూ 2. ఇది యాదృచ్ఛికం కాదు. గీతల మధ్య ఇలాగే ఒకదానిమీద ఒకటి గిన్నెలు పేర్చుకుంటూ పోతే, ఆ దొంతిలో n వ గిన్నె కేంద్రం ఎత్తు దాని వ్యాసానికి n రెట్లు. కుదిస్తే రెండూ ఒకే వంతున తగ్గుతాయి, నిష్పత్తి చెదరదు. రెండో వృత్తానికి వ్యాసం 1, ఎత్తు 2. అలెగ్జాండ్రియా పాపస్ 4వ శతాబ్దంలో ఈ ఫలితాన్ని ఇన్వర్షన్ లేకుండానే నిరూపించాడు, చాలా పొడుగ్గా.

ఇదంతా రెండు వృత్తాలు A దగ్గర తాకడం వల్లే కుదిరింది. అసలు తాకని మూడు వృత్తాలిచ్చి, మూడింటినీ బయటినుంచి తాకేది అడిగితే, ముందు మూడు వ్యాసార్థాలనూ ఒకే మేర పెంచి రెండింటిని తాకించాలి. ఆ స్పర్శబిందువే A. చివర్లో వచ్చిన వ్యాసార్థానికి ఆ మేర కలపడం మరిచిపోకూడదు.