చిట్టా పేజీని మోడల్ చేత చదివించడం: అపోహలు, వాస్తవాలు

ఎనుమాముల మార్కెట్ యార్డులో ఒక అడ్తి దుకాణానికి నేను రెండు మిర్చి సీజన్ల నుంచి లెక్కలు ఎక్కిస్తున్నా. చేత్తో రాసిన చిట్టా పేజీని ఫోటో తీసి, విజన్ లాంగ్వేజ్ మోడల్‌కు ఇచ్చి, వచ్చిన టేబుల్‌ను ఎక్సెల్‌లో పెట్టడం నా పని. ఈ పని చేసేవాళ్లు వరంగల్‌లో, కరీంనగర్‌లో ఇప్పుడు చాలామందే ఉన్నారు, కలిసినప్పుడల్లా అవే నాలుగైదు మాటలు వింటుంటా. వాటిలో కొన్నిటిని నేనూ నమ్మాను. ఒక్క పేజీ దెబ్బకు ఆ నమ్మకం పోయింది, అందుకే ఆ పేజీ చుట్టూనే ఇదంతా చెబుతా.

పేజీలో 38 వరుసలు. వరుస సంఖ్య, రైతు పేరు, ఊరు, రకం, బస్తాలు, తూకం క్వింటాళ్లలో, ధర, మొత్తం. అడుగున బస్తాల మొత్తం, రూపాయల మొత్తం మేమంతా కాక అని పిలిచే గుమస్తా చేత్తో కూడి వేసినవి. మోడల్ ఇచ్చిన టేబుల్ చూడటానికి శుభ్రంగా ఉంది, ఒక్క గడి కూడా ఖాళీ లేదు. కూడి చూస్తే కాగితం మీదకన్నా సరిగ్గా 42,000 రూపాయలు ఎక్కువ, బస్తాలేమో 9 తక్కువ.

అపోహ: "ఉన్నది ఉన్నట్టు రాయి, సొంతంగా ఏమీ కలపకు" అని గట్టిగా చెబితే కలపదు.

నా మొదటి ప్రాంప్ట్‌లో ఆ మాట రెండుసార్లు ఉంది. అయినా 23వ వరుసలో ధర పుట్టుకొచ్చింది. ఆ రైతుకు ఆ రోజు ధర నచ్చక సరుకు అమ్మలేదు, కాబట్టి 15 బస్తాలు, 6.30 క్వింటాళ్లు అని రాసి ధర, మొత్తం గడులు ఖాళీగా వదిలేశారు. మోడల్ పై వరుసలోని 15,200 ధరను కిందికి దింపి, మొత్తం గడిలో 95,760 వేసింది. గుణించి చూడండి, 6.30ను 15,200తో గుణిస్తే అంతే వస్తుంది. అంటే అది గడిని చదవలేదు, లెక్కగట్టి నింపింది. మోడల్ పనితీరే అది, ముందున్నదాన్ని బట్టి తర్వాత ఏం రావడం సహజమో అదే రాస్తుంది, 22 వరుసల పాటు ధర ఉన్న చోట 23వ వరుసలోనూ ధర రావడమే దానికి సహజం.

తప్పులో నా వాటా కూడా ఉంది. నేను అడిగిన జేసన్ ఫార్మాట్‌లో ధరకు `number` అని పెట్టాను. అక్కడ అంకె తప్ప ఇంకోటి రాసే వీలే లేనప్పుడు "ఇక్కడ ఏమీ లేదు" అని అది ఎట్లా చెబుతుంది? ఫార్మాట్ పక్కాగా ఉంటే విలువలూ పక్కాగా ఉంటాయనుకోవడం పెద్ద పొరపాటు, అది బ్రాకెట్లు, కామాలు సరిగ్గా పడేలా చూస్తుంది అంతే. ఇప్పుడు అన్ని కాలమ్‌లూ `string`గానే తీసుకుంటున్నా, ఖాళీకి, చదవలేనిదానికి వేర్వేరు గుర్తులు ఇస్తున్నా. నా ప్రాంప్ట్ ఇది:

```
ఇది చేతిరాత పట్టికలో ఒక ముక్క. ప్రతి వరుసను కాగితం మీది క్రమంలోనే రాయి.
వరుస సంఖ్యను చూసి రాయి, లెక్కపెట్టి వేయకు.
ఏ గడినీ పక్క గడుల నుంచి లెక్కగట్టి నింపకు. తప్పుగా అనిపించినా సరిచేయకు.
గడిలో ఏమీ లేకపోతే [ఖాళీ] అని రాయి. రాత ఉండి చదవలేకపోతే [?] అని రాయి.
ఒక్క అంకె మీదే అనుమానం ఉంటే ఆ అంకె చోట ? పెట్టు. ఉదా: 15,?00
పై విలువే అని డిటో గుర్తు ఉంటే [డిటో] అని రాయి, పై విలువను దింపకు.
కొట్టివేసి మళ్లీ రాసి ఉంటే రెండూ రాయి: [కొట్టివేత 15,300] 15,800
```

డిటో గురించి ఎందుకంటే, ఊరి కాలమ్‌లో పర్వాలేదు కానీ బస్తాల కాలమ్‌లో ఆ రెండు గీతలు 11గా మారిపోతాయి. ఇంకో సంగతి, ముక్కలో ఎన్ని వరుసలున్నాయో ప్రాంప్ట్‌లో నేను కావాలనే చెప్పను. పది అని చెబితే ఎట్లాగైనా పది చేసి చూపించే ప్రమాదం ఉంది. ఆ సంఖ్య నా దగ్గరే ఉంచుకుని, జవాబు వచ్చాక పోల్చుకుంటా.

అపోహ: ఫోన్‌లో పెద్దది చేస్తే నాకు స్పష్టంగా కనబడుతోంది, దానికీ కనబడుతుంది.

చాలా మోడళ్లు ఫోటోను లోపలికి తీసుకునే ముందే చిన్నది చేస్తాయి, ఎంతకు అన్నది మోడల్‌ను బట్టి ఉంటుంది. నా ఫోటో నిలువు 4000 పిక్సెళ్లు, హెడింగుతో, మొత్తాల గీతలతో కలిపి సుమారు 42 లైన్లు, అంటే లైనుకు 95 పిక్సెళ్లు. అది 1500కు తగ్గిందంటే లైను 36కు పడిపోతుంది, అందులో అంకె ఎత్తు సగమే. మూసుకుపోయినట్టు రాసిన 3కూ 8కీ తేడా అక్కడే చెరిగిపోతుంది. 17వ వరుసలో జరిగింది అదే, 15,300ను 15,800గా చదివింది.

అందుకే పేజీని అడ్డంగా పదేసి వరుసల ముక్కలు చేస్తా, పక్కపక్క ముక్కల్లో రెండు వరుసలు ఉమ్మడిగా ఉండేలా: 1–10, 9–18, 17–26, 25–34, 33–38. ఉమ్మడి వరుసలు రెండుసార్లు చదవబడతాయి కాబట్టి అక్కడ తేడా వస్తే వెంటనే తెలుస్తుంది. నిలువుగానూ కోస్తా, దాని అసలు కారణం కింద చెబుతా. అడుగున ఉన్న మొత్తాల వరుసను మాత్రం ఏ ముక్కలోనూ ఉంచను. నేను సరిచూసుకోవడానికి వాడే మొత్తం, మోడల్ కంట పడని మొత్తం కావాలి.

అపోహ: టెంపరేచర్ సున్నా పెడితే ఊహించడం ఆగుతుంది.

టెంపరేచర్ అంటే జవాబు ప్రతిసారీ ఎంత మారవచ్చో చెప్పే సెట్టింగ్, సున్నా పెడితే జవాబు మారకుండా ఉండటానికి సాయపడుతుంది. తప్పు జవాబైతే ఆ తప్పే మళ్లీ మళ్లీ వస్తుంది.

అపోహ: లెక్క కుదిరితే చదివింది సరైనదే.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, నేనూ దెబ్బతిన్నది ఇక్కడే. తూకాన్ని ధరతో గుణించి మొత్తంతో పోల్చడం మంచి పరీక్షే, నేను ప్రతి పేజీకీ చేస్తా:

```python
from decimal import Decimal as D

def num(s):
    return D(s.replace(",", ""))

for r in rows:
    cells = (r["wt"], r["rate"], r["amt"])
    if any("[" in c or "?" in c for c in cells):
        print(r["sl"], "చేత్తో చూడాలి")
    elif abs(num(r["wt"]) * num(r["rate"]) - num(r["amt"])) > 1:
        print(r["sl"], "తేడా")
```

ఇది 17వ వరుసను పట్టుకుంది. 5.88 క్వింటాళ్లు, ధర 15,800 అయితే 92,904 రావాలి, గడిలో ఉన్నది 89,964. తేడా 2,940ని తూకంతో భాగిస్తే సరిగ్గా 500, అంటే ధరలో వందల స్థానం తప్పు అని కాగితం చూడకముందే తెలిసిపోయింది.

కానీ 23వ వరుస ఈ పరీక్షలో హాయిగా పాసైంది, ఎందుకంటే ధరను కల్పించిందీ అదే, దాంతో మొత్తం కట్టిందీ అదే. 17ను సరిచేశాక కూడా 39,060 ఎక్కువ ఉంది, 9 బస్తాలు తక్కువ. గుమస్తా కాక వెంటనే, "బిడ్డా, తేడా తొమ్మిదితో పోతుందంటే అంకెలు తారుమారైనట్టు" అన్నాడు. అది లెక్కలు రాసేవాళ్ల పాత సూత్రం, నిజమే, 21ని 12గా రాస్తే తేడా 9 వస్తుంది. ఆ సూత్రం పట్టుకుని బస్తాల కాలమ్‌లో అటూ ఇటూ అయిన జోడీ కోసం గంటసేపు వెతికాం, దొరకలేదు. చివరికి వరుసలు లెక్కపెడితే 37 ఉన్నాయి.

31, 32 వరుసలు ఒకే రైతువి, ఒకే రకం, ఒకే ధర 15,000, రెండింటిలోనూ 9 బస్తాలే, తూకం మాత్రం 3.80 ఒకటి, 3.78 ఒకటి. మోడల్ 31 రాసి 32ను దాటేసింది. వరుస సంఖ్యల్లో గ్యాప్ కనబడాలి కదా అంటారేమో, కనబడలేదు, కిందివాటన్నిటికీ తనే వరుసగా నంబర్లు వేసుకుంటూ 37 దగ్గర ఆపింది. ఇప్పుడు లెక్క చూడండి: కల్పించింది 95,760, తప్పు చదివి పెంచినట్టయింది ఏమీ లేదు, ఎందుకంటే 17లో మొత్తం గడి సరిగ్గానే చదివింది, వదిలేసింది 56,700. కల్పించినదానికీ వదిలేసినదానికీ తేడా 39,060. మరి 42,000 ఎక్కడిది? మొదట్లో నేను మొత్తం గడులను కూడలేదు, తూకం, ధర గుణించి కూడాను, కాబట్టి 17 తాలూకు 2,940 అందులో కలిసింది. మూడు తప్పులు కలిసి గుండ్రటి అంకెగా మారాయి, దాన్ని చూసి ఎక్కడో ఒక్క చోటే పొరపాటు ఉందనుకున్నాం.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. మోడల్‌కు పేజీ ఇవ్వకముందే మూడు అంకెలు కాగితం చూసి నేనే టైప్ చేస్తా: వరుసలు ఎన్ని, బస్తాల మొత్తం, రూపాయల మొత్తం. ఇక ప్రతి ముక్కనూ నిలువుగా మూడు చేస్తా, పేరు-ఊరు-రకం ఒకటి, బస్తాలు-తూకం-ధర ఒకటి, మొత్తం కాలమ్ ఒక్కటీ విడిగా, మూడింటికీ ఎడమవైపు వరుస సంఖ్య కాలమ్ అతికించి, వేర్వేరు చాట్‌లలో ఇస్తా. మొత్తం చదివేటప్పుడు తూకం, ధర దాని ముందు ఉండవు కాబట్టి లెక్కగట్టి నింపే దారి ఉండదు. అప్పుడే గుణకారం పరీక్షకు విలువ. అదే పేజీని ఇట్లా మళ్లీ చదివిస్తే 23లో రెండు గడులూ [ఖాళీ] అని వచ్చాయి, 32 తిరిగొచ్చింది, 17లో ధర రెండు ముక్కల్లోనూ 15,300గానే వచ్చింది.

అపోహ: "ఇంకోసారి సరిచూసుకో" అంటే తన తప్పు తనే దిద్దుకుంటుంది.

అదే చాట్‌లో అడిగితే దాని ముందు ఫోటోతో పాటు తన పాత జవాబు కూడా ఉంటుంది, దానికే కట్టుబడుతుంది, గట్టిగా అడిగితే సరిగ్గా ఉన్నవాటిని కూడా మార్చేస్తుంది. రెండో చదువు కావాలంటే కొత్త చాట్‌లో, వీలైతే వేరే మోడల్‌తో చేయించి, రెండింటినీ కోడ్‌తో పోల్చాలి. తేడా వచ్చిన గడులు కాగితంలో చూసుకోవాలి. రెండూ ఒకటైనంత మాత్రాన సరైనదని కాదు, 8లా కనబడే 3ను రెండూ 8 అనే చదవచ్చు.

పేర్లకు, ఊళ్లకు మాత్రం కూడిక, గుణకారం లేవు. తక్కువ వినబడే పేరును బాగా తెలిసిన పేరుగా మార్చేస్తుంది, నెక్కొండ ఒకసారి నల్గొండ అయి వచ్చింది. దుకాణానికి సరుకు తెచ్చే ఊళ్ల జాబితా ఒకటి పెట్టుకుని, అందులో లేని పేరు వస్తే ఆపేలా చేశాను. జాబితాలోని ఒక ఊరు ఇంకో ఊరుగా మారితే ఇది పట్టదు, అందుకే ఆ కాలమ్ మొత్తం ఇప్పటికీ నేను చదువుతుంటే కాక కాగితం మీద వేలు పెట్టి చూస్తాడు.

23వ వరుస రైతు మూడు రోజులకు అదే సరుకును 15,600కు అమ్మాడు. ఇంకో పేజీలో 6.30 క్వింటాళ్లు, 98,280 అని సరిగ్గా ఎక్కింది. ఆ 95,760 అట్లాగే ఉండిపోయి ఉంటే ఒకే 15 బస్తాలకు ఆయన పేరు మీద రెండు అమ్మకాలు పడేవి.