పెళ్లి ముహూర్తం: క్యాలెండర్ గడిలో కనిపించేది, పంచాంగంలో ఉండేది

కావలిలో పౌరోహిత్యం చేస్తాను. మాఘమాసం దగ్గర పడితే ఆడపిల్లల తండ్రులు క్యాలెండర్ చుట్టుకుని ఇంటికొస్తారు. మూఢం, అధిక మాసం, శూన్య మాసాలు పోగా మిగిలే రోజులే కొద్ది. అందులోనూ మంచి రోజుల్ని వాళ్లే కొట్టేసుకుని వస్తుంటే నాకు బాధగా ఉంటుంది. ఎక్కువగా వినపడే మూడు మాటలు ఇవి.

అపోహ: "నవమి ఏంది సామీ, ఆ రోజు వద్దు."

చవితి, నవమి, చతుర్దశి రిక్త తిథులు. పెళ్లికి పనికిరావు, నిజమే. కానీ క్యాలెండర్ గడిలో వేసేది ఆ రోజు సూర్యోదయానికి ఉన్న తిథి. మనకు కావాల్సింది ముహూర్త సమయానికి ఉన్న తిథి.

లెక్క తెలియడానికి ఒక రోజు అనుకుందాం. ఫిబ్రవరి మొదటి వారం, మాఘ శుద్ధ నవమి, శుక్రవారం. పంచాంగంలో "నవమి ఉ. 7:40 వరకు, తదుపరి దశమి" అని ఉంది. రోహిణి తెల్లవారుజామున 5 గంటలకే వచ్చేసింది. అంటే 7:40 దాటాక ఉన్నది దశమీ రోహిణీ. పెళ్లికి వాడే నక్షత్రాల్లో రోహిణి గొప్పది. వరుడి జన్మనక్షత్రం ఉత్తర అయితే అక్కడి నుంచి లెక్కపెడితే రోహిణి ఇరవయ్యోది, తొమ్మిదులు తీసేస్తే రెండు, సంపత్తార. వధువుది ఉత్తరాభాద్ర అయితే ఆరోది, సాధన తార. ఇద్దరికీ తారాబలం కుదిరిన రోజు ఇది. గడిలో నవమి అని చూసి దీన్ని వదిలేస్తే మళ్లీ ఇలాంటిది ఎప్పుడు దొరుకుతుందో!

అపోహ: "శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. అది తప్పితే చాలు."

ఇదే ఎక్కువ ఇబ్బంది పెట్టేది. పదిన్నర, పన్నెండు అనే లెక్క సూర్యుడు సరిగ్గా ఆరింటికి ఉదయించి ఆరింటికి అస్తమించే రోజుకే సరిపోతుంది. అసలు పద్ధతి ఏమిటంటే, పగటిని ఎనిమిది భాగాలు చేస్తే శుక్రవారం నాలుగో భాగం రాహుకాలం. ఫిబ్రవరి మొదట్లో మా నెల్లూరు వైపు సూర్యోదయం సుమారు 6:38, అస్తమయం 6:10. ఒక్కో భాగం ఎనభై ఆరు నిమిషాల పైచిలుకు. అప్పుడు రాహుకాలం 10:58కి మొదలై 12:24 దాకా ఉంటుంది. పన్నెండు దాటింది కదా అని 12:10కి పెట్టుకున్నవాళ్లు సరిగ్గా అందులోనే కూర్చుంటారు. హైదరాబాద్ పంచాంగం చూసి ఇక్కడ ముహూర్తం పెట్టినా తేడా వస్తుంది, అక్కడ సూర్యోదయమే ఎనిమిది తొమ్మిది నిమిషాలు ఆలస్యం. తిథి, నక్షత్రం మారే క్షణం రెండు ఊళ్లకూ ఒకటే. రాహుకాలం, దుర్ముహూర్తం, లగ్నం మాత్రం ఊరిని బట్టి మారతాయి.

పైగా రాహుకాలం ఒక్కటే చూస్తే చాలదు. దుర్ముహూర్తం, వర్జ్యం కూడా విడిచిపెట్టాలి. మనం అనుకున్న శుక్రవారం దుర్ముహూర్తాలు 8:56 నుంచి 9:42 దాకా, మళ్లీ 12:47 నుంచి. వర్జ్యం వారాన్ని బట్టి రాదు, నక్షత్రాన్ని బట్టి వస్తుంది. రోహిణికి నలభై ఘడియలు గడిచాక నాలుగు ఘడియలు వర్జ్యం. ఘడియ ఇరవై నాలుగు నిమిషాలు, అంటే ఉదయం 5కి వచ్చిన రోహిణికి రాత్రి 9 ప్రాంతంలో వర్జ్యం. నక్షత్రం అరవై ఘడియలకు ఎక్కువో తక్కువో ఉంటే ఆ మేరకు ఇదీ జరుగుతుంది. ఏదేమైనా ఆ రోజు పగటికి వర్జ్యం బెడద లేదు.

ఇక లగ్నం. ఆ ఉదయం సుమారు 8:45 నుంచి 10:23 దాకా మీనం. దుర్ముహూర్తం పోగా 9:42 తర్వాత మిగులుతుంది. లగ్నానికి ఏడో ఇల్లు ఖాళీగా ఉందో లేదో చూసుకోవాలి. అక్కడ గ్రహం ఉంటే ఇంత మంచి రోజునూ వదిలేస్తాను. ఖాళీగా ఉంటే, లగ్నంలో తొమ్మిదో వంతును నవాంశ అంటాం, అందులో గురువు నవాంశ చూసి 9:45 అని రాసిస్తాను.

అపోహ: "ముహూర్తం అంటే తాళి కట్టే టైము."

మన తెలుగు పెళ్లిలో సుముహూర్తం జీలకర్ర బెల్లానిది. తమలపాకులో నూరిన ముద్ద పెట్టుకుని, తెరకు అటొకరు ఇటొకరు చేయి చాచి, ఒకరి నడినెత్తిన ఒకరు అదిమిపట్టే క్షణం అది. మాంగల్యధారణ ఆ తర్వాత వస్తుంది. ఇది తెలియక, తాళికి ఇంకా టైముందిలే అని పెళ్లికూతుర్ని గదిలోనే ఫోటోలు తీస్తూ ఉంచేస్తారు. మనం అనుకున్న మీన లగ్నంలో ఒక్కో నవాంశ ఉండేది పది పదకొండు నిమిషాలు. అందుకే నేను లగ్నపత్రిక రాసిచ్చేటప్పుడే మేనమామను పక్కకు పిలిచి చెబుతాను: 9:45 ముహూర్తమైతే 9:25కల్లా అమ్మాయి బుట్టలో ఉండాలి, తెర పట్టుకునేవాళ్లు మండపం మీద నిలబడి ఉండాలి.