ఎర్రకన్ను ఫొటో: అపోహలు - వాస్తవాలు

వానలు మొదలయ్యాయంటే నా ఫోన్ నిండా కండ్లే. 2023 వానాకాలంలో తెలంగాణ అంతటా కండ్లకలక పాకినప్పుడైతే పొద్దున లేచేసరికి ఎర్రకండ్ల ఫొటోలు వరుసగా వచ్చి ఉండేవి. అన్నింటి కిందా ఒకటే మాట: "సార్, కండ్లకలకనే గదా, ఏ చుక్కలు వెయ్యాలె?" నిజానికి చాలామందికి వచ్చేది కండ్లకలకే. మిగిలిన ఆ కొద్దిమంది గురించే ఈ రాత. హన్మకొండలో కంటి వైద్యం చేస్తున్న నేను ఫొటోలో ఏం చూస్తానో, ఏది చూడలేనో చెప్తాను.

అపోహ: కన్ను ఎంత ఎర్రగా ఉంటే అంత ప్రమాదం

తెల్లగుడ్డు మీద రక్తం పూసినట్టు, చిక్కటి ఎరుపు మచ్చతో వచ్చే ఫొటో ఇంటిల్లిపాదినీ భయపెడుతుంది. గట్టిగా దగ్గినా, తుమ్మినా, ఒక్కోసారి ఏ కారణం లేకుండానే, పైపొర కింద సన్నటి రక్తనాళం చిట్లి రక్తం పరుచుకుంటుంది. నొప్పి ఉండదు, పుసి ఉండదు, చూపు మామూలుగానే ఉంటుంది. ఒకటి రెండు వారాల్లో కమిలిన చర్మంలా పసుపుబారి దానంతటదే పోతుంది. దెబ్బ తగిలి వస్తే, మాటిమాటికీ వస్తే, రక్తం పలచబడే మందులు వాడుతుంటే మాత్రం చూపించుకోవాలి. బీపీ ఒకసారి కొలిపించుకుంటే మంచిది. చుక్కల మందుతో పనే లేదు.

నన్ను కంగారు పెట్టే ఫొటోల్లో ఎరుపు చాలాసార్లు తక్కువే ఉంటుంది.

అపోహ: ఊరంతా కండ్లకలక ఉంది, ఇదీ అదే

పరకాల దగ్గరి ఊరు నుంచి ఒక కుర్రాడు వాళ్ల నాయిన కన్ను ఫొటో పంపిండు. "కండ్లకలక సార్, మెడికల్ షాపుల చుక్కలు తెచ్చి ఏసినం, తగ్గుతాంది. ఇంకెన్ని రోజులు ఎయ్యాలె?" అని రాసిండు. నిజమే, ఎరుపు పెద్దగా లేదు. కానీ ఆ ఫొటోలో మూడు సంగతులు నాకు నచ్చలేదు.

మొదటిది, ఎరుపు ఉన్న చోటు. కండ్లకలకలో కింది రెప్పను లాగి చూస్తే రెప్ప లోపల, మడత దగ్గర ఎరుపు ఎక్కువగా ఉంటుంది. అక్కడి నుంచి నల్లగుడ్డు వైపు వస్తున్నకొద్దీ పలచబడుతుంది. ఈయన కంట్లో అంతా తిరగబడి ఉంది. రెప్ప దగ్గర దాదాపు తెలుపే, నల్లగుడ్డును చుట్టి మాత్రం కాస్త ఊదా కలిసిన ఎర్రటి కట్టు. ఆ కట్టు కనబడిందంటే బాధ పైపొరలో కాదు, నల్లగుడ్డులోనో దాని లోపలో ఉందని అనుమానించాలి.

రెండోది, ఆరు రోజులైనా ఒక్క కన్నే. కండ్లకలక ఒక కంట్లో మొదలైనా రెండు మూడు రోజుల్లో చాలామందికి రెండోదానికీ పాకుతుంది. పొద్దున లేచేసరికి రెప్పలు పుసితో అంటుకుంటాయి, లేదా నీళ్లు కారుతూ ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది. ఈయనకు పుసి లేదు.

మూడోది, ఫొటో పెద్దది చేసి చూస్తే నల్లగుడ్డు మీద, కంటిపాపకు కాస్త కిందుగా, నూకగింజంత బూడిదరంగు చుక్క. మన దిక్కు "పువ్వు పడ్డది" అంటారే, దాని మొదలు అది.

ఫోన్ చేసి ఒకటే అడిగాను: కంట్లో ఏమన్నా తగిలిందా? బర్రెకు గడ్డివాములోంచి గడ్డి గుంజుతుంటే పోచ కొట్టిందట. "గంతే సార్, అప్పుడే కడుక్కున్నడు." వెంటనే తీసుకురమ్మన్నాను. పనులున్నయని రెండు రోజులు ఆగి వచ్చారు.

అప్పటికి ఆ కంటితో రెండు మీటర్ల దూరంలో వేళ్లు లెక్కపెట్టగలుగుతున్నాడు, అంతే. కన్నును పెద్దది చేసి చూపే స్లిట్ ల్యాంప్ కింద మూడు మిల్లీమీటర్ల పుండు, ఈక అంచులా చీలికలైన అంచులు, పక్కన మరో రెండు చిన్న చుక్కలు. పుండు మీద కొద్దిగా గీకి, గాజుపలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే బూజు పోగులు కనిపించాయి. వరిగడ్డి, మక్కజొన్న ఆకు, పత్తికట్టె, వడ్ల ధూళి తగిలి వచ్చే ఫంగస్ పుండు ఇది. వ్యవసాయం మీద బతికే మన జిల్లాల్లో మాకు కొత్తేమీ కాదు.

అపోహ: చుక్కలు వేస్తే ఎరుపు తగ్గింది, అంటే నయమవుతోంది

ఆయన జేబులోని సీసా తీసి చూశాను. యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథాసోన్ కలిసిన మందు. డెక్సామెథాసోన్ స్టెరాయిడ్. అది ఎరుపునూ వాపునూ అణుస్తుంది కాబట్టి కన్ను రెండు రోజుల్లో తేటగా కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు సంబరపడతారు. కానీ ఫంగస్‌తో పోరాడాల్సిన శరీరం చేతులే కట్టేసినట్టవుతుంది, బూజు లోపలికి పాకుతుంది. హెర్పిస్ వైరస్‌తో వచ్చే పుండు విషయంలోనూ ఇదే ముప్పు. ఫొటోలో ఎరుపు తక్కువగా ఉండటానికి కారణం ఆ సీసాయే. అందుకే ఎవరైనా ఫొటో పంపితే వేస్తున్న మందు సీసా ఫొటో కూడా అడుగుతాను. డెక్సామెథాసోన్, బెటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ అన్న పేర్లు సీసా మీద ఉంటే, డాక్టరు కన్ను చూసి రాసిన మందు కాకపోతే, వెయ్యకండి. డాక్టరు రాసిందైతే అడగకుండా మధ్యలో ఆపకండి.

ఆయనకు ఆ మందు ఆపి, ఐదు శాతం నటామైసిన్ చుక్కలు మెలకువగా ఉన్నంతసేపూ గంటగంటకూ వేయించాం. నొప్పి తగ్గడానికి, పాప లోపల అంటుకోకుండా ఉండటానికి అట్రోపిన్. ఆరు వారాలు పట్టింది. పుండు మానింది, మచ్చ మిగిలింది. ఇప్పుడు ఆ కంటి చూపు 6/18, అంటే మామూలు కన్ను పద్దెనిమిది మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని ఆయన ఆరు మీటర్ల దగ్గరికి వస్తేగాని చదవలేడు.

అపోహ: మంచి ఫోన్ కెమెరా ఉంటే చాలు, డాక్టరు ఫొటో చూసే చెప్పేస్తాడు

ఫొటోలో ఎరుపు ఎక్కడుందో, తెల్ల చుక్క ఉందో లేదో కొంతవరకు తెలుస్తుంది. పగలు తలుపు దగ్గర నిలబెట్టి, అందం పెంచే ఫిల్టర్లు తీసేసి, రెండు కండ్లూ కలిసి ఒకటి, కింది రెప్ప లాగి ఒకటి తీయండి. నల్లగుడ్డు మీద పడే వెలుగు చుక్కను గమనించండి. బాగున్న కంట్లో అది అద్దం మీద మెరుపులా అంచులు తీరి ఉంటుంది. చెదిరిపోయినా, పొగపట్టినట్టున్నా నల్లగుడ్డు పైభాగం బాగాలేదని అర్థం. రెండు పాపలనూ పోల్చండి. ఎర్రకంట్లో పాప చిన్నగా ముడుచుకుని, వెలుతురు చూడలేకపోతుంటే కంటి లోపలి వాపు కావచ్చు. పాప కాస్త పెద్దదై కదలకుండా నిలిచిపోయి, నల్లగుడ్డు మసకబారి, తలనొప్పి, వాంతులు ఉంటే కంట్లో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగిందేమో. అటువంటి మనిషిని గ్యాస్ అనుకుని ఇంట్లో పడుకోబెడతారు. గంటలు గడిచేకొద్దీ చూపు పోతుంది, రాత్రయినా బయల్దేరాల్సిందే.

ఇవి కనబడితే అనుమానించాలి, కనబడకపోతే ఏమీ లేదని కాదు. చిన్న పుండు కంట్లో రంగు మందు వేసి నీలికాంతిలో చూస్తేగాని బయటపడదు. ఒత్తిడి కొలిస్తేనే తెలుస్తుంది. నొప్పి ఏ ఫొటోలోనూ పడదు. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవారి కన్ను ఎర్రబడితే నేను ఫొటో చూసి ఏమీ చెప్పను, లెన్స్ తీసేసి రమ్మంటాను.

అందుకే ఫొటోతో పాటు ఇంట్లోనే ఒక పని చేయిస్తాను. గోడమీది క్యాలెండర్ ముందు నిలబెట్టి, అద్దాలుంటే పెట్టుకుని, బాగున్న కన్ను అరచేత్తో మూసి, ఎర్రకంటితో తారీఖులు చదవమంటాను. మామూలు కండ్లకలకలో పుసి తుడిచి రెప్ప రెండుసార్లు ఆర్పితే అంకెలు మళ్లీ తేటగా కనిపిస్తాయి. తుడిచినా అంకెలు మసకగానే ఉంటే ఇంకో ఫొటో పంపొద్దు, ఆ రోజే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి. కండ్లకలకే అయినా, వారం దాటాక చూపు మసకబారితే ఇదే మాట, కండ్లకలక తెచ్చే వైరస్ ప్రభావం కొందరిలో నల్లగుడ్డు మీదికీ వస్తుంది.